టెక్ సందేహాలు: జిఫ్‌లో ఒక్క ముక్కే ఎందుకొస్తోంది?

*మా డీటీపీ సెంటర్‌లో టెసరాక్ట్ పెట్టుకుని ఫొటోల్లోని తెలుగును టెక్స్ట్‌గా మార్చుకుంటున్నాం. జేపీజీ, పీఎన్‌జీ ఇస్తే బాగానే వస్తోంది. పీడీఎఫ్ ఇస్తే ఎర్రర్. జిఫ్ ఇస్తే ఒక్క ముక్కే వచ్చింది. 20 సెకన్ల వీడియో అసలు తీసుకోలేదు. ఇవి ఇమేజ్‌ల కిందకి రావా? వస్తే ఏ ఫ్రేమ్ చదువుతుంది?*
– ఒక పాఠకుడు, ఖమ్మం

జిఫ్ ఇమేజే, కానీ టెసరాక్ట్ అందులో మొదటి ఫ్రేమ్ చదివి ఆగిపోతుంది. మిగతావి ఉన్నాయని కూడా చెప్పదు. పీడీఎఫ్, వీడియో దాని లెక్కలో ఇమేజ్‌లు కావు. ముందు వాటిని మీరే బొమ్మలుగా విడదీసి ఇవ్వాలి.

జిఫ్‌తో చిక్కేమిటంటే, ఎర్రర్ రాదు కాబట్టి పని అయిపోయిందనుకుంటాం. ఎనిమిది ఫ్రేముల ఆహ్వాన పత్రిక వచ్చిందనుకోండి. మొదటి ఫ్రేమ్‌లో ఉత్త పూల బార్డరు, నాలుగో దాంట్లో ముహూర్తం, ఆరో దాంట్లో ఫంక్షన్ హాలు పేరు ఉంటే మీకు దక్కేది బార్డరే. పోనీ ఫ్రేములన్నీ విడదీద్దామంటే అక్కడా ఒక మెలిక ఉంది. సైజు తగ్గించడానికి చాలా జిఫ్‌లలో రెండో ఫ్రేమ్ నుంచి మారిన భాగాన్ని మాత్రమే దాస్తారు. అలాగే విడదీస్తే అక్షరాలు ముక్కలుముక్కలుగా వస్తాయి. ఇమేజ్‌మ్యాజిక్‌లో `-coalesce` పెడితే ప్రతి ఫ్రేమూ నిండు బొమ్మవుతుంది:

```
magick patrika.gif -coalesce f_%02d.png
```

వాట్సాప్‌లో వచ్చిన ‘జిఫ్’ను సేవ్ చేస్తే పేరు చివర `.mp4` కనిపిస్తుంది. అక్కడ జిఫ్ పేరుతో తిరిగేది నిజానికి శబ్దం లేని వీడియో. దానికీ కింద చెప్పే వీడియో పద్ధతే.

వీడియోలో ఏ ఫ్రేములు చదవాలో నిర్ణయించేది మీరే. మీ 20 సెకన్ల క్లిప్ సెకనుకు 30 ఫ్రేములదైతే మొత్తం 600 బొమ్మలు. అన్నీ చదివించడం దండగ. సెకనుకు ఒకటి చొప్పున తీస్తే 20తో సరిపోతుంది కదా అనిపిస్తుంది. స్లైడ్లు మారే వీడియోకైతే అది చాలు. అదే ఎవరో ఫోన్‌లో పేర్ల జాబితాను వేలితో పైకి తోస్తూ స్క్రీన్ రికార్డు చేశారనుకోండి. ఒక పేరు స్క్రీన్ మీద అర సెకనే ఉంటే, మనం తీసిన రెండు ఫ్రేముల మధ్య అది వచ్చీ పోతుంది. అక్షరం కనిపించే కాలంలో కనీసం రెండు ఫ్రేములు పడాలని నేను లెక్క పెట్టుకుంటాను. అర సెకనుకు రెండంటే సెకనుకు నాలుగు, మొత్తం 80:

```
ffmpeg -i clip.mp4 -vf fps=4 f_%03d.png
```

రెండెందుకంటే, వేలు కదులుతున్నప్పటి ఫ్రేమ్ తరచూ మసకగా ఉంటుంది. ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది. ఒకే పేరు నాలుగైదు బొమ్మల్లో రావడం మామూలే, తర్వాత తీసేసుకోవచ్చు. అలా వచ్చినప్పుడు ఒక్కో బొమ్మలో ఒక్కోలా చదివిందంటే ఆ పేరును కంటితో సరిచూడాలి. జాబితాలో వరుస సంఖ్యలుంటే ఇంకా మంచిది: 41 తర్వాత 43 వచ్చిందంటే ఆ మధ్య చోట ఎక్కువ ఫ్రేములు తీయాలి.

ఇక పీడీఎఫ్. టెసరాక్ట్ దాకా వెళ్లేముందు అందులోంచి రెండు మాటలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. సరైన తెలుగు వస్తే ఓసీఆర్ అక్కర్లేదు. అసలు సెలెక్టే కాకపోతే అది స్కాన్. సెలెక్టయి, పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా పడ్డాయంటే అను ఫాంట్ల లాంటి పాత ఫాంట్లతో చేసిన ఫైలు. డీటీపీ చేసేవారికి ఈ గోల నేను చెప్పక్కర్లేదు! కంటికి తెలుగే కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది యూనికోడ్ కాదు. కాబట్టి దాన్నీ స్కాన్‌గానే భావించి పేజీలను బొమ్మలుగా మార్చండి. పాప్లర్ ప్యాకేజీలోని ఈ ఆదేశం పేజీకో బొమ్మ ఇస్తుంది:

```
pdftoppm -r 300 -png file.pdf page
tesseract page-1.png out -l tel+eng
```

పేజీలు తొమ్మిదికి మించితే పేరు `page-01.png` అని వస్తుంది, గమనించండి. `-r 300` మాత్రం వదలకండి. వదిలేస్తే 150 దగ్గర తీస్తుంది. ఇంగ్లిష్‌కు అది ఎలాగో సరిపోవచ్చు గానీ, చిన్న సైజు తెలుగులో వత్తులు పై అక్షరానికి అతుక్కుపోతాయి, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చెరిగిపోతుంది. ఏ4 పేజీ 300 దగ్గర సుమారు 2480×3508 పిక్సెళ్లవుతుంది. మీ బొమ్మ అందులో సగమే ఉంటే `-r` పడలేదన్నమాట.

బహుళ పేజీల టిఫ్ ఫైలైతే ఈ తిప్పలేవీ ఉండవు. టెసరాక్ట్ అన్ని పేజీలూ తనే వరుసగా చదువుకుంటుంది. మీ స్కానర్‌లో ఆ ఎంపిక ఉంటే పీడీఎఫ్‌కు బదులు అదే పెట్టుకోండి.