మధ్య గీత దాటితే నాకు చలానా, ఎదుటి కారుకు లేదు: ఇది న్యాయమేనా?

ప్రశ్న: లాయరు గారూ, అమలాపురం నుంచి రాజోలు కారులో వెళ్తూ కాలవ గట్టు మలుపు ముందు కొబ్బరికాయల ట్రాక్టరును దాటాను. రోడ్డు మధ్య రెండు పసుపు గీతలున్నాయి. నా వైపుది తెగకుండా ఉంది, అవతలిది ముక్కలు ముక్కలుగా ఉంది. పోలీసులు చలానా రాశారు. అక్కడే ఎదురుగా వచ్చిన కారు ఆటోను దాటితే ఏమీ అనలేదు. ఓవర్‌టేక్ చేయొద్దని బోర్డు కూడా లేదు. డబ్బు కట్టేయాలా, కోర్టుకు వెళ్లాలా? జీబ్రా గీతలు, బాణాల సంగతేంటి?

జవాబు: ముందు బోర్డు విషయం చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లో ట్రాఫిక్ సంకేతాలంటే ఏమిటో సెక్షన్ 2(46) చెబుతుంది. అందులో స్తంభానికి తగిలించిన బోర్డులతో పాటు రోడ్డు మీద వేసిన గీతలూ ఉన్నాయి. డ్రైవింగ్ నిబంధనల ప్రకారం నడపాలని సెక్షన్ 119 అంటుంది. కాబట్టి ‘బోర్డు లేదు’ అన్న వాదన నిలవదు.

ఇక ఎదుటి కారు సంగతి. జంట గీతల్లో ఎవరికి వాళ్లు తమ వైపున్న గీతనే చూసుకోవాలి. మీ వైపుది తెగని గీత, అంటే దాన్ని దాటకూడదు. అవతలి వాళ్లది ముక్కల గీత, అంటే ఎదురుగా ఖాళీ ఉంటే దాటొచ్చు. ఇందులో పక్షపాతమేమీ లేదు. మీరు మలుపులోకి వెళ్తున్నారు. గట్టు మీద కొబ్బరిచెట్లు, ఇళ్లు అడ్డొచ్చి అవతల ఏం వస్తోందో మీకు కనబడదు. ఆయన మలుపు దాటి బయటికొచ్చేశాడు, ముందున్న తిన్నని రోడ్డంతా ఆయనకు కనిపిస్తోంది.

ఒక్కసారి లెక్క వేసి చూడండి. మీ వేగం గంటకు 60 కిలోమీటర్లు, ట్రాక్టరు వేగం 25 అనుకుందాం. వెనక కొంత దూరం నుంచి మొదలుపెట్టి, ట్రక్కుతో సహా దాన్ని దాటి మళ్లీ మీ వైపుకు రావాలంటే ట్రాక్టరు కంటే సుమారు 50 మీటర్లు ఎక్కువ వెళ్లాలి. దానికి అయిదు సెకన్లు పైనే పడుతుంది. ఆలోగా మీ కారు 85 మీటర్లు పోతుంది. ఎదుటి బండి కూడా 60లో వస్తుంటే అదీ 85 మీటర్లు వస్తుంది. అంటే కనీసం 170 మీటర్లు ఖాళీగా కనబడాలి, అదీ ఎవరూ తడబడకపోతే. అంత దూరం కనబడని చోట్లే తెగని గీత వేస్తారు. అది మొదలయ్యే ముందు ముక్కలు పొడుగై, మధ్య ఖాళీలు పొట్టివవుతాయి. అది కనబడితే ఓవర్‌టేక్ ఆలోచన మానేయాలి.

తెగని గీత ఉన్నంత మాత్రాన ముందుకెళ్లడమే నేరం కాదు. ట్రాక్టరు బాగా ఎడమకు జరిగి, మీ చక్రం గీత తాకకుండా పట్టేంత చోటుంటే, ట్రాక్టరును దాటినా గీత దాటిన తప్పు అవదు. కానీ మన గట్టు రోడ్ల మీద అంత వెడల్పు ఎక్కడుంటుంది? ట్రాక్టరు చెడిపోయి ఆగిపోయి ఉంటే, ఆగిన బండిని దాటడం ఓవర్‌టేక్ కాదని వాదించే వీలుండేది. మీ కేసులో అది కదులుతోంది.

ఇప్పుడు చలానా చేతిలోకి తీసుకుని ఏ సెక్షన్ రాశారో చూడండి. తేడా అంతా అక్కడే ఉంది. 177ఎ అయితే డ్రైవింగ్ నిబంధన తప్పినందుకు జరిమానా. చట్టంలో అది 500 నుంచి 1000 రూపాయలు. 184 అయితే ప్రమాదకరంగా నడిపారన్న ఆరోపణ. చట్టవిరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడాన్ని 2019 సవరణ అందులో పేరు పెట్టి చేర్చింది. మొదటిసారికే 1000 నుంచి 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. లైసెన్సు తీసుకుని రద్దు కోసం రవాణా అధికారికి పంపే వీలూ పోలీసులకు ఉంది. 177ఎ అయితే కట్టేయండి. 184 అయితే సంతకం పెట్టి ఒప్పుకునే ముందు మీ ఊరి లాయరును కలవండి.

కోర్టుకు వెళ్తే పనికొచ్చే వాదన ఒకటుంది. కొత్తగా తారు వేశాక గీతలు మళ్లీ వేయకపోయినా, అరిగిపోయి కనబడకపోయినా, అదే రోజు తీసిన ఫొటోలతో ఆ మాట చెప్పుకోవచ్చు. కానీ రెండు గీతలూ ఎలా ఉన్నాయో మీరే ఇంత స్పష్టంగా రాశారు కాబట్టి మీకది పనికిరాదు.

జీబ్రా గీతల దగ్గర మనిషి రోడ్డు దాటుతుంటే బండి ఆపాలి, సిగ్నల్ లేకపోయినా సరే. జీబ్రాకు ముందు అడ్డంగా ఒక గీత ఉంటుంది. ఎర్ర లైటు పడినా, పోలీసు చెయ్యెత్తినా మీ బంపరు కూడా ఆ గీత దాటకూడదు. చాలామంది జీబ్రా మీదే ఆపి, దాటేవాళ్లను నడిరోడ్డులోకి నెట్టేస్తారు.

బాణాలు కూడళ్ల దగ్గర ఏ లేన్ ఎటు పోవాలో చెబుతాయి. తిన్నగా పోయే బాణం మీదికి వచ్చేశాక కుడికి తిరగాలని గుర్తొస్తే, తిన్నగానే పోయి ముందు ఎక్కడైనా తిప్పుకు రండి. అక్కడికక్కడ కోసుకుపోతే వెనకవాడు గుద్దినా, నష్టపరిహారం కేసులో మీ తప్పు కూడా లెక్కేసి మీకొచ్చే సొమ్ము తగ్గించవచ్చు.