మామిడి ఆరబెట్టబోయే ముందు

చిట్టీ,

ఉద్యోగం మానేసి నూజివీడు వచ్చి మామిడి ముక్కలు ఆరబెట్టి అమ్ముతానంటున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీ ధైర్యానికి మురిసిపోయాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. కత్తులు, ట్రేలు, డ్రైయరు, లైసెన్సు నువ్వే కనుక్కోగలవు. బాగా పండిన కాయ తీసుకో, ముక్కలన్నీ ఒకే మందంలో కొయ్యి, వేడి 60 డిగ్రీల దగ్గర ఉంచు. నా భయమల్లా తూకం గురించే.

నువ్వు పంపిన లెక్కల కాగితంలో ఒక మాట చూసి కోపం వచ్చింది: "పండులో నీళ్ళు 80 నుంచి 84 శాతం, పెద్ద తేడా లేదు" అని రాశావు. ఇంత చదువుకుని ఆ మాట ఎలా రాశావే?

మీ పెద్ద మావయ్యా ఇలాగే అనుకున్నాడు. నీకు వాడు నవ్వుతూ ఉండే ముసలాయనగానే తెలుసు. ఆ రోజుల్లో తొక్క, టెంక తీసేసిన ముక్కలు వెయ్యి కిలోలు ఆరబెడితే 235 కిలోల ఎండు సరుకు వచ్చింది. ఆ ధీమాతో తర్వాతి వెయ్యి కిలోలకూ 230 కిలోలు ఇస్తానని ఒక వ్యాపారికి మాట ఇచ్చాడు. ఈలోగా వానలు పడ్డాయి. వానల తర్వాత కోసిన కాయ అది. ఆరిన సరుకు తూస్తే 188 కిలోలే! కాటా మార్చి చూశాడు, మళ్ళీ అంతే. 47 కిలోలు ఎటు పోయాయని ముక్కలు కోసే ఆవిడ మీద అనుమానపడ్డాడు, పదిమందిలో అడిగాడు. ఆవిడ మా వీధిలోనే ఉండేది, నా జడ వేసింది చాలాసార్లు. మళ్ళీ పనిలోకి రాలేదు.

మా నాన్న ఏమీ అనకుండా ఆ రెండో సరుకు తెచ్చిన తోటలోవే, వానల తర్వాత కోసినవే కాయలు తెప్పించి, వంద గ్రాముల ముక్కలు తూచి, బరువు తగ్గడం పూర్తిగా ఆగేదాకా ఆరబెట్టాడు. 16 గ్రాములు మిగిలాయి. అంటే 84 శాతం నీళ్ళు. మిగిలింది చక్కెర, పులుపు, పీచు. ఎంత ఆరబెట్టినా ఇది తరగదు, పెరగదు. మొదటి సరుకులో నీళ్ళు 80 శాతం, కాబట్టి వెయ్యి కిలోల్లో ఈ పదార్థం 200 కిలోలు. రెండోదాంట్లో 160. అమ్మే ముక్కలో 15 శాతం నీళ్ళు ఉంచుతాం కదా, అంటే పదార్థం 85 శాతం. 200ని 0.85తో భాగిస్తే 235, 160ని భాగిస్తే 188. ఎవరూ ఏమీ తీయలేదు. నీళ్ళలో నాలుగు శాతం తేడా కనబడింది గానీ, నిలిచే పదార్థంలో అది ఐదో వంతు.

నాన్న అప్పుడే మాకు ఒక చిక్కు ప్రశ్న వేశాడు. వంద కిలోల పండ్లలో 99 శాతం నీళ్ళు. ఎండాక 98 శాతం. ఇప్పుడు బరువెంత? అందరం 99 కిలోలన్నాం. జవాబు 50. ఎండు పదార్థం ఒక్క కిలోనే. మొదట వందలో ఒక వంతు, ఇప్పుడు వందలో రెండు వంతులు కావాలి. కిలో రెండు వంతులయ్యేది మొత్తం యాభై కిలోలైనప్పుడే. నీళ్ళు ఎక్కువున్న చోటే ఈ మాయ. నీ ముక్కలు ఆరే చివర్లో, 20 శాతం నుంచి 15కి దిగితే, వంద కిలోలు 94 అవుతాయి, అంతే.

అందుకని ప్రతి సరుకుకీ ముందు వంద గ్రాములు, నాన్నలాగే బరువు తగ్గడం ఆగేదాకా, ఆరబెట్టి చూడు. వేడి మాత్రం పెంచకు. చక్కెర మాడితే అదీ బరువు తగ్గి లెక్క చెడుతుంది. 18 గ్రాములు మిగిలాయనుకో, పది కిలోల ముక్కలు వేసిన ట్రేలో 1.8 కిలోల పదార్థం ఉన్నట్టు. 0.85తో భాగిస్తే 2.1 కిలోలు. ఖాళీ ట్రే బరువు తీసేసి తూస్తే అంతకు రాగానే బయటికి తియ్యి. రంగు చూసి, వేలితో నొక్కి తియ్యకు.

తూకం సరిపోయినా ఒక చిక్కుంది. వేడి ఎక్కువైతే ముక్క పైన గట్టిపడి లోపల తడి మిగులుతుంది. తీసినవాటిని గాజు జాడీలో మూత బిగించి కొన్నాళ్ళు ఉంచు. లోపల చెమ్మ పట్టిందంటే మళ్ళీ డ్రైయర్‌లో పెట్టాలి, లేకపోతే బూజు.

సగం ఆరిన ముక్కలు అమ్ముతామని ఎవరైనా వచ్చి, 85 శాతం నీళ్ళు 75కి దించాం, పది శాతమే తేడా అంటారు. వాళ్ళ 60 కిలోల్లో ఉండేది పచ్చి వంద కిలోల్లో ఉన్న పదార్థమే. ధర అలా చూడు.

పనివాళ్ళ ముందే తూచు, వంద గ్రాముల ఫలితం గోడ మీద రాసి పెట్టు, వాళ్ళకీ ఆ లెక్క చెప్పు. బరువు తక్కువొస్తే ముందు ఆ గోడ చూడు తల్లీ, వాళ్ళ సంచులు కాదు. వ్యాపారికి కిలోలు మాట ఇచ్చే ముందు మొదటి కోత ఫలితం నాకు ఫోన్ చేసి చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ