ముందు పిల్లల్ని లెక్కపెట్టు

హన్మకొండ

బిడ్డా,

నువ్వు నా టేబుల్ మీద పెట్టిపోయిన జిరాక్స్ చూశాను. మొదటి రెండు పేజీల్లో ప్రతి ఇంగ్లీషు మాట పైనా పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసుకున్నావు. మూడో పేజీ నుంచి ఒక్క గీత కూడా లేదు. పేపర్‌ను మొదటి వాక్యం నుంచి వరసపెట్టి చదవబోయావు, ఉపోద్ఘాతంలోనే అలసిపోయావు. డిక్షనరీ పక్కన పెట్టు. ఇదే పేపర్‌ను ఇంకో దారిలో చదువుదాం.

ఇది 1990లో షోడా, మిషెల్, పీక్ రాసింది. మార్ష్‌మాలో పరీక్ష గురించి యూట్యూబ్‌లో వినే ఉంటావు. నాలుగేళ్ల పిల్ల ముందు ఒక మిఠాయి పెట్టి, నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండిస్తానని చెప్పి పెద్దవాళ్లు బయటికి వెళ్తారు. ఎక్కువసేపు ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా చదువుతారని వీడియోల్లో చెప్తారు. ఆ మాటకు ప్రధానమైన ఆధారాల్లో ఒకటి నీ చేతిలోని ఈ కాగితాలే.

సారాంశంలో రెండు విషయాలే వెతుకు: ఏం కొలిచారు, దాన్ని దేనితో పోల్చారు. ఇక్కడ కొలిచింది పిల్లలు ఎన్ని సెకన్లు ఆగారన్నది. పోల్చింది ఏళ్ల తర్వాత ఆ పిల్లల గురించి తల్లిదండ్రులు చెప్పిన మాటలతో, అమెరికాలో కాలేజీ సీటు కోసం రాసే శాట్ పరీక్ష మార్కులతో. ఇది దొరికాక ఉపోద్ఘాతం వదిలేసి నేరుగా మెథడ్‌కు పో. అక్కడ పిల్లల్ని లెక్కపెట్టు.

1968 నుంచి 1974 దాకా స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ క్యాంపస్‌లోని నర్సరీ బడిలో 653 మంది పిల్లలకు ఈ పరీక్ష పెట్టారు. వీడియోల్లో వినిపించేది ఈ పెద్ద సంఖ్యే. తర్వాత తల్లిదండ్రులకు ప్రశ్నపత్రాలు పంపితే 185 మంది పిల్లల గురించే జవాబులొచ్చాయి. శాట్ మార్కులు దొరికింది 94 మందివే.

ఇంకా ఆగకు. పిల్లలందరికీ ఒకే పరీక్ష పెట్టలేదు. కొందరికి మిఠాయి కళ్లెదుట ఉంది, కొందరికి కప్పిపెట్టారు. కొందరికి ఏం ఆలోచించుకుంటూ కూర్చోవాలో చెప్పారు, కొందరికి ఏమీ చెప్పలేదు. మిఠాయి ఎదురుగా ఉండి, ఏ సలహా లేకుండా కూర్చున్న గుంపులోనే ఆగిన సమయానికి, శాట్ మార్కులకు గట్టి సంబంధం కనిపించింది. శాట్ మార్కులు ఉన్నవాళ్లలో ఆ గుంపు పిల్లలు 35 మంది. మన క్లాసులో సగం కూడా ఉండరు.

ఇప్పుడు టేబుల్ తెరువు. నీకు టెన్షన్ తెప్పించిన అంకెల్లో రెండే చాలు. భాషా విభాగం మార్కులతో r = 0.42, లెక్కల విభాగంతో r = 0.57. సున్నా అంటే సంబంధం లేదని, ఒకటి అంటే పూర్తిగా ఉందని నీకు తెలుసు. 0.57 పెద్దదే. కానీ 35 మందితో వచ్చిన 0.57 ఎంత కదలగలదో నేను కట్టి చూస్తే, 95 శాతం అవధి సుమారు 0.29 నుంచి 0.76 దాకా వచ్చింది. 0.42కైతే 0.10 నుంచి 0.66 దాకా. అంటే అసలు సంబంధం చాలా బలహీనమైనది కావచ్చు, బలమైనదీ కావచ్చు. ఈ అంకె చూసి ఒక పిల్ల భవిష్యత్తు చెప్పలేం.

ఆ తర్వాతే చివరి చర్చ చదువు. నమూనా చిన్నది కాబట్టి సంబంధం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించి ఉండొచ్చని రచయితలే అక్కడ హెచ్చరించారు. నాకు వాళ్ల మీద గౌరవం కలిగేది అక్కడే. వీడియోల దాకా వచ్చేసరికి ఆ హెచ్చరిక ఊడిపోయింది. ఇంకో మాట కూడా గమనించు. ఆ బడి పిల్లల్లో చాలామంది యూనివర్సిటీతో సంబంధమున్న కుటుంబాల వాళ్లు. మన ములుగు, భూపాలపల్లి అంగన్‌వాడీ పిల్లల గురించి ఈ పేపర్ ఏమీ చెప్పదు.

2018లో వాట్స్, డంకన్, క్వాన్ ఇదే ప్రశ్నను 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్లీ పరిశీలించారు. తల్లులు డిగ్రీ పూర్తి చేయని పిల్లల మీద ఎక్కువగా దృష్టి పెట్టారు. పదిహేనేళ్ల వయసులోని చదువుతో సంబంధం ఉంది, కానీ పాత పేపర్‌లో కనిపించినదాంట్లో దాదాపు సగమే. కుటుంబ నేపథ్యం, చిన్ననాటి తెలివితేటలు, ఇంటి వాతావరణం లెక్కలోకి తీసుకున్నాక అందులోనూ మూడింట రెండు వంతులు తగ్గింది. ఇక్కడ తొందరపడి పాత పేపర్ అబద్ధమని రాసేయకు. కొత్త పరీక్షలో పిల్లలు ఆగాల్సింది గరిష్ఠంగా ఏడు నిమిషాలే, పాతదాంట్లో అంతకన్నా ఎక్కువ. చివర కొలిచిన పరీక్ష కూడా శాట్ కాదు.

ఆ రెండో పేపర్ కాపీ దీనితో పంపుతున్నాను. ముందు మెథడ్ తెరిచి, ఏ దశలో ఎంతమంది పిల్లలు మిగిలారో పక్క ఖాళీలో తెలుగులోనే రాయి. తర్వాత, కుటుంబ వివరాలు చేర్చకముందు, చేర్చిన తర్వాత అంకె ఎలా మారిందో టేబుల్‌లో వెతికి సున్నా చుట్టు. సోమవారం ప్రాక్టికల్స్ అయ్యాక పట్టుకొని రా.

మీ సైకాలజీ సార్