కారు 3.70 లక్షలే, మరి మిగతా లెక్క?

"సార్, హన్మకొండలో ఉంటాను. జీతం 42 వేలు, ఇంటి ఖర్చు 27 వేలు. తెలిసినవాళ్ల ద్వారా హైదరాబాద్‌లో 2017 మోడల్ పెట్రోల్ కారు 3.70 లక్షలకు కుదిరింది. పది వేలు అడ్వాన్స్ ఇచ్చాను. ఎఫ్‌డీలో ఉన్న 1.60 లక్షలు తీసేసి, మిగతా 2 లక్షలు యాప్‌లో లోన్ తీసుకుందామని ఉంది. ఇన్సూరెన్స్ ఇంకా ఏడు నెలలుంది. చలాన్లు ఒకటో రెండో ఉంటాయట. ఆర్‌సీ పేరు దసరా తర్వాత మార్చుకుందాం అంటున్నాడు ఓనర్. ఆర్‌సీ, పాలసీ ఫొటోలు పంపుతున్నాను. తీసుకోవచ్చా?"

అడ్వాన్స్, ఎఫ్‌డీ, లోన్ కూడితే సరిగ్గా 3.70 లక్షలు. అంటే కారు తాళం చేతికొచ్చిన రోజు మీ దగ్గర ఒక్క రూపాయి కూడా మిగలదు. సెకండ్ హ్యాండ్ కారు విషయంలో నా దగ్గరికి వచ్చే పదిమందిలో ఏడెనిమిది మంది చేసే పొరపాటు ఇదే. కారు ధరే మొత్తం ఖర్చు అనుకుంటారు. అందుకే మీ కాగితాలు కాస్త వివరంగా చూశాను.

ముందు చలాన్ల సంగతి. ఆర్‌సీ ఫొటో ఉంది కాబట్టి బండి నంబర్, ఇంజన్ నంబర్ చివరి అంకెలతో తెలంగాణ పోలీసు ఈ-చలాన్ సైట్‌లో చూశాను. ఒకటో రెండో కాదు, ఆరు ఉన్నాయి. ఆరూ ఓవర్‌స్పీడ్‌వే. ఒక్కొక్కటి వెయ్యి జరిమానా, 35 యూజర్ చార్జీ కలిపి 1,035, మొత్తం 6,210. కెమెరా తీసిన ఫొటోలు కూడా ఉన్నాయి, ఓనర్‌కు అవుటర్ రింగ్ రోడ్డంటే బాగా ఇష్టంలా ఉంది! నడిపింది ఆయనే అయినా చలాను ఉండేది బండి నంబర్ మీద. రేపు ఎక్కడైనా పోలీసులు ఆపి నంబర్ కొడితే కట్టమనేది స్టీరింగ్ ముందున్న మిమ్మల్నే. డిస్కౌంట్ ఆఫర్ వచ్చినప్పుడు కట్టేస్తానని ఆయన అనొచ్చు. ఆ ఎదురుచూపు మీ ఖర్చుతో వద్దు. బండి వేరే రాష్ట్రాలకూ తిరిగి ఉంటే echallan.parivahan.gov.in లో కూడా చూడండి. పాత చలాన్లు కొన్ని కోర్టుకు వెళ్లిపోతాయి. అవి vcourts.gov.in లో కనిపిస్తాయి, అక్కడే కట్టాలి.

ఇక ఆర్‌సీ. మీరు పంపిన ఫొటోలో కింద ఒక బ్యాంకు పేరు ఉంది, చూశారా? అంటే ఆర్‌సీ మీద హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు అప్పుకు తాకట్టులో ఉందన్న నమోదు, ఇంకా తీయించలేదు. లోన్ తీరిపోయి ఉండొచ్చు, తీరకపోయీ ఉండొచ్చు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా అది పోదు, అది పోకుండా బండి మీ పేరు మీదకు మామూలుగా రాదు. దసరా తర్వాత అనడానికి కారణం ఇదేనేమోనని నా అనుమానం. ట్రాన్స్‌ఫర్ ఫీజు మాత్రం పెద్దది కాదు. కేంద్ర నిబంధనల ప్రకారం కారుకు 300, కార్డుకు 200, దానిపైన రాష్ట్ర సర్వీస్ చార్జీలు. ఏజెంట్‌కు ఇచ్చేది కూడా కలిపి 5,500 అనుకుందాం. చట్టం ప్రకారం కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి, కాబట్టి పండగ దాకా ఆగే పని కాదిది. తెలంగాణలోనే తెలంగాణ బండి కాబట్టి ఆర్టీఏ ఎన్‌ఓసీ, లైఫ్ ట్యాక్స్ బాధ మీకు లేదు. ఆంధ్రా బండో కర్ణాటక బండో అయితే ఈ లెక్క పూర్తిగా మారిపోయేది.

అసలు దెబ్బ ఇన్సూరెన్స్ దగ్గర. ఏడు నెలలు ఉందన్న మాట నిజమే, కానీ ఆ పాలసీ ఓనర్ పేరు మీద ఉంది. బండి చేతులు మారినప్పుడు థర్డ్ పార్టీ కవర్ చట్టప్రకారం కొన్నవారికి వస్తుంది. మన కారుకు జరిగే నష్టానికి ఉన్న కవర్, అంటే ఓన్ డ్యామేజ్, అలా దానంతట రాదు. 14 రోజుల్లో అమ్మకం కాగితాలతో దరఖాస్తు పెట్టి పాలసీ మన పేరుకు మార్పించుకోవాలి. నా క్లయింట్ ఒకాయన దీన్ని "తర్వాత చూద్దాం" అనుకున్నాడు. నలభై రోజులకు డివైడర్‌ను గుద్దాడు. షెడ్డులో 68 వేల ఎస్టిమేట్ ఇచ్చారు. పాలసీలో పేరు మీది కాదని కంపెనీ క్లెయిమ్ తిప్పి పంపింది. ఆయన ఆ డబ్బు క్రెడిట్ కార్డుతో కట్టి, ఏడాదిపాటు దాని వడ్డీ కడుతూనే ఉన్నాడు.

పాలసీ కాపీలో ఇంకొకటి ఉంది. ఓన్ డ్యామేజ్ ప్రీమియం 11 వేలు, అందులో క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు, నో క్లెయిమ్ బోనస్, 50 శాతం. ఆ బోనస్ బండిది కాదు, ఓనర్‌ది. ఆయన తన తర్వాతి కారుకు పట్టుకెళ్తాడు. మీ పేరుకు మార్చినప్పుడు మిగిలిన ఏడు నెలలకు ఆ తగ్గింపును కంపెనీ మీ దగ్గర వసూలు చేస్తుంది. 5,500లో పన్నెండింట ఏడు వంతులు, జీఎస్టీతో దాదాపు 3,800. రెన్యూవల్ నాడు ఇంకా తెలుస్తుంది. 1000 నుంచి 1500 సీసీ కార్లకు థర్డ్ పార్టీ రేటు 2022 జూన్‌లో 3,416గా పెట్టారు. దానికి ఓన్ డ్యామేజ్, 18 శాతం జీఎస్టీ కలిపితే ఓనర్ ఈసారి కట్టింది 10,521. అదే కవర్‌కు మీకు 17 వేలు అవుతుంది. అప్పటికి ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టే విలువ, కాస్త తగ్గుతుంది కాబట్టి కొన్ని వందలు అటూ ఇటూ.

చలాన్లు మీ మీదే పడితే వాటితో కలిపి, ట్రాన్స్‌ఫర్, పాలసీ మార్పిడికి 15,500. మొదటి నెలలోనే టైర్లు, బ్యాటరీ, సర్వీసింగ్‌కు ఒక 22 వేలు పెట్టుకోండి, ఎనిమిదేళ్లు దాటిన బండి కదా. అంటే 3.70 లక్షల కారు రోడ్డెక్కేసరికి 4 లక్షల ఏడున్నర వేలు. ఇందులో రెన్యూవల్ లేదు, వడ్డీ లేదు.

వడ్డీ అంటే ఆ యాప్ లోన్. 18 శాతానికే ఇచ్చినా, 2 లక్షలకు రెండేళ్లు నెలకు 9,985 కట్టాలి, వడ్డీయే 39 వేలు దాటుతుంది. ఇంటి ఖర్చు పోను మీకు మిగిలేది 15 వేలు. ఈఎంఐ పోతే ఐదు వేలు. పెట్రోల్ దేంతో పోయిస్తారు? ఆ ఐదు వేలు కూడా అయిపోయిన నెలలో ఇంట్లో ఎవరికైనా జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్పించాల్సి వస్తే, మళ్లీ అదే యాప్ తెరుస్తారు. ఈ వరస నేను చాలా ఇళ్లలో చూశాను, కాబట్టి కాస్త కటువుగానే చెబుతున్నాను. ఈ లోన్ వద్దు. బ్యాంకులో యూజ్డ్ కార్ లోన్, గోల్డ్ లోన్ ఇంతకంటే చవక కావచ్చు, కానీ జేబులో ఏమీ లేనప్పుడు అవీ అప్పులే.

ఎఫ్‌డీలో 1,08,000 ముట్టుకోకండి, అది నాలుగు నెలల ఇంటి ఖర్చు. కారు కోసం దాన్ని తీయకూడదు. మిగిలిన 52 వేలకు నెలకు 12 వేలు జోడిస్తూ పోతే ఏడాదికి దాదాపు రెండు లక్షలవుతాయి. అప్పుడు అందులో 1.60 లక్షల కారు చూసి, మిగతా 40 వేలు పై ఖర్చులకు ఉంచండి. పాత మోడలే వస్తుంది, కానీ అప్పు ఉండదు.

ఇదే కారు కావాలని పట్టుబడితే, యాప్ మాత్రం వద్దు, డబ్బు ఇచ్చే ముందు ఓనర్‌తో మూడు పనులు చేయించండి. చలాన్లు మీ ముందే ఫోన్‌లో కట్టాలి. బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35, పేరు మార్పిడికి సంతకాలు పెట్టిన ఫారం 29, 30 ఒకేసారి మీ చేతికివ్వాలి. ఆర్‌సీ మీ పేరున వచ్చేదాకా పదిహేను వేలు మీ దగ్గరే ఉంచుతానని రాసుకోవాలి. బండి తీసుకున్న తేదీ, సమయం కూడా ఆ కాగితం మీదే రాయించండి. ఆ తర్వాత పడే చలాన్లు ఎవరివో తేలడానికి అదే ఆధారం. వీటికి ఆయన ఒప్పుకోకపోతే అడ్వాన్స్ వెనక్కి అడగండి. పది వేలకు రసీదు తీసుకున్నారో లేదో మీరు రాయలేదు. తీసుకోకపోతే ఈ రోజే వాట్సాప్‌లో "బండి నంబర్ ఫలానా, అడ్వాన్స్ 10,000 ముట్టింది" అని ఆయన చేత పెట్టించుకోండి.