పిల్లాడికి షుగర్ పడిపోతే 25% డెక్స్ట్రోజ్ ఇంట్లోనే ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా బాబుకు 3 ఏళ్లు, బరువు 12 కిలోలు. రెండు రోజులు జ్వరం, వాంతులు. ఏమీ తినలేదు. మూడో రోజు పొద్దున లేపితే లేవలేదు. నీరసమేమో అనుకుని ఓ గంట చూసి ఆస్పత్రికి తీసుకెళ్లాం. షుగర్ 38 ఉందన్నారు. 25% డెక్స్ట్రోజ్ ఒక ఆంప్యూల్ ఇచ్చారు, పది నిమిషాల్లో కళ్లు తెరిచాడు. షుగర్ 140కి వచ్చింది. తర్వాత సెలైన్ పెట్టారు. రెండు గంటలకు మళ్లీ 44. ఇంకో ఆంప్యూల్ ఇచ్చాక కుదుటపడ్డాడు. మా ఆడపడుచు నర్సు. రెండు ఆంప్యూల్స్ ఇంట్లో ఉంచుకుంటే తనే ఎక్కిస్తుంది కదా? మా పాపకు 4 నెలలు, 6 కిలోలు. తనకూ అవసరమైతే కిలోకు ఎంత ఇవ్వాలి?

జవాబు: వద్దమ్మా, కొని పెట్టుకోకండి. ఎందుకో కింద చెబుతాను. ఓపీ మధ్యలో రాస్తున్నాను కాబట్టి ముందు నన్ను ఆపేసిన మాట దగ్గరికి వస్తాను: రెండు గంటలకు మళ్లీ 44.

మీ బాబు వయసులో ఒంటికి, అందులోనూ మెదడుకు, కిలోకు నిమిషానికి సుమారు 5 మిల్లీగ్రాముల గ్లూకోజ్ కావాలి. 12 కిలోలకు అది గంటకు 3.6 గ్రాములు. డెక్స్ట్రోజ్ అంటే గ్లూకోజే, 25 మి.లీ. ఆంప్యూల్‌లో ఉండేది ఆరు గ్రాములకు కాస్త పైన. అంటే కడుపులోకి ఏమీ పోకపోతే ఆ ఆంప్యూల్ రెండు గంటలకు కూడా చాలదు. పైగా చిక్కటి గ్లూకోజ్ ఒక్కసారిగా ఎక్కితే ఒంట్లో ఇన్సులిన్ కూడా ఎగదన్నుతుంది, షుగర్ ఇంకా తొందరగా జారుతుంది. తర్వాత పెట్టిన సీసా మామూలు సెలైన్ అయితే, అందులో ఉప్పే తప్ప చక్కెర చుక్క కూడా లేదు. అలా అయితే 44 రావడంలో నాకేమీ వింత కనిపించడం లేదు. ఆంప్యూల్ ఇచ్చిన వెంటనే, లవణాలు కలిపిన 10% డెక్స్ట్రోజ్‌ను గంటకు 36 మి.లీ. చొప్పున నడిపితే సరిగ్గా ఆ 3.6 గ్రాములూ అందుతాయి. పిల్లాడు తాగగలిగితే పాలు పట్టినా సరే. మీ ఆస్పత్రిలో ఏం జరిగిందో నేను చూడలేదు, కాబట్టి తప్పు ఎవరిదని అనను. డిశ్చార్జి కాగితంలో ఆ సీసా పేరేమిటో మాత్రం చూడండి.

కళ్లు తెరిచాడంటే అందరికీ ఊపిరి వస్తుంది. మీటర్ పక్కన పెట్టేసేది కూడా సరిగ్గా అప్పుడే. గ్లూకోజ్ ఇచ్చిన 15 నిమిషాలకు ఒకసారి చూడాలి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వాలి. బాగున్నా అరగంటకోసారి చూస్తూ, రెండు మూడు రీడింగులు వరసగా నిలబడ్డాకే గంటకోసారికి మారాలి. సూది గుచ్చేది డ్రిప్ ఎక్కుతున్న చేతికి కాదు, రెండో చేతికి. వేలికి చక్కెర తడి అంటుకుని ఉంటే 40 ఉన్న షుగర్ కూడా 110 అని చూపించగలదు. నోట్లో చక్కెర పెట్టిన పిల్లల్లో ఇది చాలా మామూలు. వేలు నీళ్లతో కడిగి, తుడిచి, తర్వాతే గుచ్చాలి.

ఇక మోతాదు. ఆడపడుచుకు తెలిసే ఉంటుంది: కిలోకు అర గ్రాము. గుర్తుకు ఒక చిట్కా ఉంది, శాతాన్నీ కిలోకు ఇచ్చే మిల్లీలీటర్లనూ గుణిస్తే 50 రావాలి. 10% అయితే కిలోకు 5 మి.లీ., 25% అయితే 2. మీ బాబుకు 10% అయితే 60 మి.లీ., 25% అయితే 24. ఒక ఆంప్యూల్ సరిపోయినట్టు మీకు కనిపించింది అందుకే, అతని బరువు ఆ ఆంప్యూల్‌కు సరిగ్గా కుదిరింది. అదే ఆంప్యూల్ మీ పాపకు పూర్తిగా ఇస్తే ఆరు గ్రాములు పోతుంది, అర గ్రాము లెక్కన ఆమెకు కావలసింది మూడే. ఆ వయసులో చాలాచోట్ల 10% మాత్రమే వాడతారు, అదీ కిలోకు 2 మి.లీ.తో, అంటే 12 మి.లీ.తో మొదలుపెట్టి మళ్లీ చూసుకుంటారు. 12 మి.లీ.లో ఉండేది 1.2 గ్రాములు. ‘ఒక ఆంప్యూల్’ అనే కొలత పిల్లల వైద్యంలో లేదు.

10% దొరక్కపోతే 25%ను పలచన చేస్తాం: 24 మి.లీ.కి స్టెరైల్ నీళ్లు 36 మి.లీ. కలిపితే 60 మి.లీ. 10% తయారు. ఇంత శ్రమ ఎందుకంటే 25% ద్రవం పాకంలా చిక్కన. సిరంజి నొక్కుతుంటేనే చేతికి తెలుస్తుంది. పిల్లల సన్నటి రక్తనాళాన్ని అది మండిస్తుంది, క్యాన్యులా కాస్త జరిగి కండలోకి పోతే చర్మమే చచ్చిపోతుంది. ఇంట్లో, తెలిసినవాళ్ల చేత 25% ఎక్కించుకున్న ఒక చంటిపాపను నేను చూశాను. షుగర్ బాగానే పెరిగింది, మణికట్టు మీద మాత్రం రూపాయి బిళ్లంత మేర నల్లబడింది. ఎక్కించినావిడ చేయి తిరిగిన నర్సే. ఏడుస్తూ గుంజుకునే పిల్లలో నాళం జారడం ఎవరికైనా జరుగుతుంది. ఆస్పత్రిలో అయితే వెంటనే ఆపి ఇంకోచోట పెడతారు. 50% అయితే పిల్లల దగ్గరికే రానివ్వకండి.

మీరు అడగని ఇంకో సంగతి. ‘ఓ గంట చూసి’ అన్నారు. రెండు రోజులుగా తినని పిల్లాడు పొద్దున లేపితే లేవకపోతే చూడటానికి ఏమీ లేదు, బయల్దేరడమే. అందరూ చేసే పొరపాటే అనుకోండి, అయినా చెప్పక తప్పదు. దారిలో మగతగా ఉన్న బిడ్డ నోట్లో గ్లూకోజ్ నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చెంచాడు చక్కెరను రెండు చుక్కల నీటితో తడిపి, కొద్దికొద్దిగా నాలుక కింద పెట్టండి. పది ఇరవై నిమిషాలకోసారి మళ్లీ పెట్టొచ్చు. ఫిట్స్ వస్తుంటే నోట్లో ఏమీ పెట్టొద్దు. ఇన్సులిన్ వాడే పిల్లల సంగతి వేరు, వాళ్లకు వాళ్ల డాక్టర్ చెప్పిందే పాటించాలి.

ఈ వయసులో రెండు రోజులు కడుపు ఖాళీగా ఉంటే కొందరికి షుగర్ ఇలా పడుతుంది, పెద్దయ్యాక మానిపోతుంది. మీ బాబుదీ అదే కావచ్చు. కానీ రెండోసారి పడిపోయిందంటే ఒక ప్రశ్న అడిగి తీరాలి: ఇంట్లో ఎవరైనా షుగర్ మాత్రలు వేసుకుంటారా? గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటివి పిల్లాడు ఒక్కటి మింగినా రోజంతా షుగర్ పడుతూనే ఉంటుంది. డెక్స్ట్రోజ్ ఇచ్చిన ప్రతిసారీ లేచి మళ్లీ పడుతుంది, దానికి మందు కూడా వేరే. మాత్రల షీట్ తీసి లెక్కపెట్టండి.

అలాంటిదేమీ లేకపోతే పిల్లల డాక్టర్‌ను కలవండి. మొదటి ఆంప్యూల్‌కు ముందు తీసిన రక్తంలో, ఆ తర్వాత వచ్చిన మొదటి మూత్రంలో, ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే కీటోన్లు చూశారో లేదో ఆయనకు కావాలి. షుగర్ 38 ఉన్నప్పుడు కీటోన్లు దండిగా ఉండాలి. లేకపోతే ఇన్సులిన్ ఎక్కువవడమో, కొవ్వును కరిగించుకోలేని పుట్టు లోపమో వెతకాల్సి ఉంటుంది. ఆ రిపోర్టులు, రీడింగులు ఏ టైముకు తీశారో రాసి ఉన్న కాగితం, రెండూ పట్టుకెళ్లండి.