ఆపిన బ్యాచ్‌లు చివరికి బాగానే ఉన్నాయి, ఆ సంగతి ప్యానెల్ ముందు చెప్పొచ్చా?

ప్రశ్న: నమస్కారం సార్. ట్యాబ్లెట్లు తయారుచేసే ప్లాంటులో క్వాలిటీ అస్యూరెన్స్‌లో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. వేరే కంపెనీలో సైట్ క్వాలిటీ హెడ్ పోస్టుకి ప్యానెల్ ఇంటర్వ్యూ ఉంది. సైట్ హెడ్, కార్పొరేట్ క్వాలిటీ, సప్లై చెయిన్, హెచ్ఆర్ నలుగురూ కూర్చుంటారట. ఏదీ తేలని పరిస్థితుల్లో, గొడవల్లో టీమ్‌ని ఎలా నడిపించారో అడుగుతారని చెప్పారు. ఒకసారి ఒక బ్యాచ్ డిసొల్యూషన్‌లో, అంటే మాత్ర ఎంత త్వరగా కరుగుతుందో చూసే పరీక్షలో, ఫెయిలైతే, పాసైన మరో మూడు బ్యాచ్‌లను కూడా ఆపాను. ప్రొడక్షన్ హెడ్‌కీ నాకూ పెద్ద గొడవైంది. తొమ్మిది రోజుల తర్వాత ఆ మూడూ బాగానే ఉన్నాయని తేలింది. ఇది చెబితే నాదే తప్పనుకోరా? పైగా చెప్పడం మొదలుపెడితే పది నిమిషాలు పడుతోంది.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఇదే చెప్పండి. మీ మెయిల్లో రాసిన మిగతా సంగతులతో పోల్చినా ఇదే గట్టిది. ఆపిన బ్యాచ్‌లో లోపం దొరికి ఉంటే అది అదృష్టమో, తెలివో ప్యానెల్‌కి తేల్చుకోవడం కష్టం. లోపం దొరకలేదు కాబట్టి వాళ్లు మీ ఆలోచన మీదే దృష్టి పెడతారు. ఆ ఉదయం చేతిలో ఉన్న సమాచారంతో ఆపడం సరైనదేనా అన్నదే వాళ్లు తూచే విషయం. అమెరికా నిబంధన 21 CFR 211.192 ప్రకారం ఒక బ్యాచ్ ఫెయిలైతే, దానితో సంబంధం ఉండే అవకాశమున్న ఇతర బ్యాచ్‌లకు కూడా విచారణ విస్తరించాలి. అయితే ఏవి సంబంధం ఉన్నవో, ఎన్ని రోజులు ఆపాలో నిబంధన చెప్పదు. అది మీరు తేల్చారు. సైట్ హెడ్ స్థాయి వాళ్లు వినాలనుకునేది ఆ తేల్చుకోవడమే.

ఇక పది నిమిషాలు ఎందుకు పడుతున్నాయో మీరు రాసి పంపిన వెర్షన్ చూస్తే అర్థమైంది. సగం దాకా డిసొల్యూషన్ ఎలా చేస్తారో, ల్యాబ్ విచారణ ఎన్ని దశల్లో జరుగుతుందో ఉంది. అది ప్యానెల్లో ఇద్దరికి ముందే తెలుసు, మిగతా ఇద్దరికి అక్కర్లేదు. మీరు నిర్ణయం తీసుకున్న పూట దగ్గర మొదలుపెట్టండి. ఒక కాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు ఆ ఉదయానికి మీకు తెలిసినవి, కుడివైపు తెలియనివి రాయండి. మీ వివరాలను బట్టి ఎడమవైపు మూడే ఉంటాయి: ల్యాబ్ పొరపాటు ఏమీ దొరకలేదు, మాత్రలు మెషిన్‌కి అంటుకోకుండా కలిపే మెగ్నీషియం స్టియరేట్ నాలుగు బ్యాచ్‌లకూ ఒకే లాట్‌ది వాడారు, మిగతా మూడూ పరీక్షల్లో పాసయ్యాయి. కుడివైపు ఒకటే, కానీ అదే పెద్దది: లోపం ఆ లాట్‌లో ఉందా, ఒక్క బ్యాచ్ తయారీలో ఉందా?

ఆ కాగితం చూసుకుని చెబితే ఇంచుమించు ఇలా వస్తుంది: "ల్యాబ్‌లో తప్పు లేదని సోమవారం తేలింది. కారణం తెలియదు. అదే లాట్‌తో చేసిన మూడు బ్యాచ్‌లు పాసై డిస్పాచ్‌కి సిద్ధంగా ఉన్నాయి. లోపం లాట్‌లో ఉంటే ఒక్కసారి పాసైనంత మాత్రాన వాటిని నమ్మలేను. అందుకే ఆపాను. ఏ ఫలితాలు వస్తే వదులుతానో ఆ సాయంత్రమే రాసి ప్రొడక్షన్‌కీ, సప్లై చెయిన్‌కీ పంపాను. బ్లెండర్ లాగ్ తీయిస్తే అసలు సంగతి బయటపడింది. కరెంటు పోయి వచ్చాక ఫెయిలైన బ్యాచ్‌ని మళ్లీ మొదటి నుంచి తిప్పారు. ఐదు నిమిషాలు తిరగాల్సిన ల్యూబ్రికేషన్ బ్లెండ్ మొత్తం తొమ్మిది నిమిషాలు తిరిగింది. మిగతా మూడింటికి ఐదే ఉంది. ముందే రాసుకున్న అదనపు పరీక్షలు కూడా పాసయ్యాక వాటిని వదిలాను." ఇది చెప్పడానికి ఒకటిన్నర నిమిషం చాలు. మెగ్నీషియం స్టియరేట్‌తో ఎక్కువసేపు తిప్పితే మందు కరగడం నెమ్మదిస్తుందన్నది కార్పొరేట్ క్వాలిటీ వాళ్లు అడిగితేనే చెప్పండి.

ఇందులో 'సాయంత్రమే రాసి పంపాను' అన్న మాట వదిలేయకండి. మీ వెర్షన్‌లో అది ఎక్కడో చివర పడింది. దేనికి ఆపుతున్నామో, ఏం చూస్తే వదులుతామో ముందే చెప్పిన మనిషికీ, భయపడి ఆపేసిన మనిషికీ తేడా అక్కడే తెలుస్తుంది. ఫలితం నచ్చేదాకా పరీక్షలు చేయలేదనడానికి కూడా అదే రుజువు. స్పెసిఫికేషన్ దాటిన ఫలితాల మీద ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చి 2022లో సవరించిన ఓఓఎస్ మార్గదర్శకం కాదనేది సరిగ్గా అలా నచ్చేదాకా పరీక్షలు చేయడాన్నే.

గొడవ భాగానికి కాస్త ఎక్కువ సమయం పెట్టండి. మీరు రాసినదాంట్లో ప్రొడక్షన్ హెడ్ అరిచే మనిషిగా మాత్రమే కనిపిస్తున్నారు. అలా చెబితే నలుగురిలో కనీసం ఒకరు మనసులో ఆయన పక్షానే నిలబడతారు. ఆ సైట్ హెడ్ కూడా ఒకప్పుడు ప్రొడక్షన్ నుంచి వచ్చినవారై ఉండొచ్చు. ప్రొడక్షన్ హెడ్ వాదన ఆయనే వింటే 'అవును, నేనన్నది ఇదే' అనేలా చెప్పండి: మూడు బ్యాచ్‌లూ స్పెసిఫికేషన్‌లో ఉన్నాయి, కస్టమర్‌కి మాటిచ్చిన తేదీ దాటిపోతోంది, అనుమానం ఉంటే ఆధారం చూపించండి. ఇందులో తప్పేమీ లేదు. తర్వాత మీ ఇద్దరి మధ్య ఏది కదిలిందో చెప్పండి. బ్లెండర్ లాగ్ ముందు చూద్దామన్నది ఆయనేనని మీ మెయిల్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. కారణం దొరికిందే అక్కడ కదా! ఆ మాట ఆయన పేరు మీదే చెప్పండి. ఎదుటివాళ్ల నుంచి వచ్చిన మంచి సలహాని అరిచిన నోటి నుంచి వచ్చినా తీసుకున్నారంటే, రేపు తమ ప్లాంటులో కూడా ఇలాగే ఉంటారని వాళ్లకు అర్థమవుతుంది. అయితే ఆపే నిర్ణయం మాత్రం 'మేం' అనకుండా 'నేను' అని చెప్పండి. మనవాళ్లు మర్యాదకి 'మేం' అంటారు. ప్యానెల్లో మార్కులు వేసేవాళ్లకి అప్పుడు మీరు చేసిందేమిటో దొరకదు.

ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో వైపు నుంచి తవ్వుతారు. సప్లై చెయిన్ వాళ్లు 'మాకు ఏ రోజు చెప్పారు?' అంటారు, తేదీ గుర్తుంచుకోండి. సైట్ హెడ్ తొమ్మిది రోజుల ఖరీదు అడుగుతారు. ఎంత విలువైన సరుకు ఆగింది, డెలివరీ ఎన్ని రోజులు ఆలస్యమైంది అన్నవి దాచకుండా చెప్పండి. హెచ్ఆర్ వాళ్లు ప్రొడక్షన్ హెడ్‌తో ఇప్పుడు ఎలా ఉన్నారని అడుగుతారు, మళ్లీ తిప్పిన సంగతి బ్యాచ్ రికార్డులో రాయని ఆపరేటర్‌ని ఏం చేశారని కూడా అడగొచ్చు. ఈ రెండోదానికి మీ మెయిల్లో జవాబు లేదు. అతన్ని శిక్షించి వదిలేశారా, కరెంటు పోతే ఏం చేయాలో బ్యాచ్ రికార్డులో దశ చేర్చారా? గుర్తు చేసుకుని సిద్ధంగా ఉండండి, ఈ స్థాయి పోస్టుకి అది చిన్న ప్రశ్న కాదు.

మందు పేరు, కస్టమర్ పేరు ఎక్కడా రానీయకండి. 'ఒక ఎగుమతి ఉత్పత్తి' అంటే చాలు. ఎదురుగా ఉన్నది పోటీ కంపెనీ. మీ కంపెనీ గుట్టు వాళ్లకి చెబితే, రేపు తమ గుట్టు ఇంకెవరికి చెబుతారోనని వాళ్లు లెక్క వేసుకుంటారు.

ఇంకో సంగతి కూడా సిద్ధం చేసుకోండి, అందులో మీరు మనసు మార్చుకున్నవారై ఉండాలి. ఇందులో మీరు పట్టు పట్టారు కాబట్టి, 'ఎప్పుడైనా వెనక్కి తగ్గారా?' అన్న ప్రశ్న దాదాపు తప్పదు. మీ మెయిల్లో వెండర్ ఆడిట్ సంగతి ఉంది కదా, మీ జూనియర్ చెప్పిన మాటతో రేటింగ్ మార్చారు. అది పనికొస్తుంది. రెండింటినీ ముందు తెలుగులోనే గట్టిగా చెప్పుకుని, వాచీ పెట్టుకుని రెండు నిమిషాల్లోకి తెచ్చాక ఇంగ్లిష్‌లోకి మార్చుకోండి.