ఆసుపత్రి నోట్స్ నుంచి పాప బరువు, పాల పట్టిక ఎలా తయారు చేసుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాప 32 వారాలకే 1,480 గ్రాములతో పుట్టింది. నేటికి 23వ రోజు. బరువు 1,690 గ్రాములు. నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపుతామంటున్నారు. నర్సులు రాసిన పాలు, బరువు షీట్లకు ఫోటోలు తీసి మీకు పంపుతున్నాం. వాటిని రోజువారీ పట్టికగా ఎలా మార్చాలి? 20వ రోజు 65 గ్రాములు పెరిగి, మర్నాడు 10 గ్రాములు తగ్గినట్లుంది. భయపడాలా?

జవాబు: 20, 21 రోజుల అంకెలను చూసి ఆందోళన చెందకండి. మీ ఫోటోలలో 20వ రోజు బరువు పక్కన ‘డైపర్‌తో’ అని చిన్న అక్షరాలతో రాసి ఉంది. తడిసిన డైపర్ ఒక్కటే 30, 40 గ్రాములు తూగగలదు. ఆ రోజు పెరుగుదల ఎంత అబద్ధమో, మర్నాటి తగ్గుదల కూడా అంతే అబద్ధం. అటువంటి అంకెను కొట్టివేయకుండా, దిద్దకుండా, ఉన్నది ఉన్నట్లే రాసి పక్కన కారణం రాయండి. సగటు లెక్క మాత్రం దానికి ముందు, వెనుక రోజుల బరువులతో వేయండి. 19వ రోజు 1,575, 21వ రోజు 1,630, అంటే రెండు రోజుల్లో 55 గ్రాములు పెరిగిందన్నమాట. అది చక్కని పెరుగుదలే.

ఇక పట్టికలో అందరూ పొరపడేది రోజు ఎక్కడ మొదలవుతుందన్న విషయంలో. మీ పాపను ఉదయం 6 గంటలకు, పాలు ఇవ్వకముందు తూచుతున్నారు. పాల షీటు మాత్రం డ్యూటీ మారే 8 గంటలకు మొత్తం కూడుతోంది. ఒకే తేదీ కింద ఉన్న బరువును, పాల మొత్తాన్ని పక్కపక్కన పెడితే, ఆ పాలు తాగకముందే పెరిగిన బరువును ఆ పాల ఖాతాలో వేసినట్లవుతుంది. కాబట్టి షీటు చివర ఉన్న మొత్తాన్ని వదిలేసి, బరువు చూసిన తరువాత ఇచ్చిన 6 గంటల పాల నుంచి మర్నాటి తెల్లవారుజామున 4 గంటల పాల వరకు, రెండు గంటలకోసారి చొప్పున మొత్తం 12 సార్లు ఇచ్చిన పాలను మీరే కూడండి. ఆ పాల ఫలితం మర్నాటి ఉదయపు బరువులో కనబడుతుంది.

కూడేటప్పుడు ఇవ్వమని రాసిన పరిమాణాన్ని కాక, పాప నిజంగా తాగిన పరిమాణాన్ని తీసుకోవాలి. 22వ రోజు ఒక్కొక్కసారి 22 మి.లీ. చొప్పున 264 మి.లీ. ఇవ్వవలసి ఉన్నా, రాత్రి 2 గంటలకు పాప నిద్రమత్తులో 14 మి.లీ. మాత్రమే తాగిందని నర్సు రాశారు. అంటే ఆ రోజు లెక్క 256 మి.లీ. ఉగ్గుగిన్నెతో పట్టేటప్పుడు పెదవుల పక్కనుంచి కారిపోయిన పాలను కొలవలేం కాబట్టి ‘కారాయి’ అని ఒక్క మాట రాస్తే చాలు. రొమ్ము దగ్గర తాగిన పాలకు ఎప్పుడూ అంచనా అంకె వేయకండి. ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు అన్నది, ఆ రోజు ఎన్నిసార్లు మూత్రం పోసిందన్నది రాయండి.

ఆ మొత్తాన్ని కిలో బరువుకు ఎంత పడిందో తెలిసేలా భాగించాలి. పుట్టిన బరువు మళ్లీ వచ్చేవరకు పుట్టిన బరువుతోనే భాగిస్తాం, ఎందుకంటే తొలి రోజుల్లో శరీరంలోని నీరు తగ్గి బరువు పడిపోతుంది. ఆ తగ్గిన బరువుతో లెక్క వేస్తే పాలు సరిపోతున్నాయన్న భ్రమ కలుగుతుంది. మీ పాప 6వ రోజు 1,350కి తగ్గి, 14వ రోజుకు మళ్లీ 1,480కి చేరింది. ఇది సాధారణంగా మేం చూసేదే. ఆ తరువాతి రోజులకు మాత్రం ఆయా ఉదయపు బరువుతోనే భాగించాలి. 22వ రోజు 256 మి.లీ.ని 1.66 కిలోలతో భాగిస్తే కిలోకు 154 మి.లీ. వస్తుంది. మీరు పొరపాటున పుట్టిన బరువుతోనే భాగిస్తే 173 వచ్చేది. పాప పెరిగేకొద్దీ పాలు పెంచవలసిన అవసరం అప్పుడు కంటికి కనబడదు. నెలలు నిండని పిల్లలకు సాధారణంగా కిలోకు 150 నుంచి 180 మి.లీ. వరకు ఇస్తాం. మీ పాప ఆ పరిధిలో కింది అంచున ఉన్నా, బరువు బాగా పెరుగుతోంది కాబట్టి ఫరవాలేదు.

మీ చివరి నాలుగు రోజులు ఇలా ఉంటాయి:

| రోజు | ఉదయం 6 గం. బరువు (గ్రా.) | తరువాతి 24 గంటల్లో తాగిన పాలు (మి.లీ.) | కిలోకు (మి.లీ.) | గమనిక |
|---|---|---|---|---|
| 19 | 1,575 | 240 | 152 | ఉగ్గుగిన్నె |
| 20 | 1,640 | 252 | 160 | డైపర్‌తో తూచారు. 19వ రోజు బరువుతో భాగించాం |
| 21 | 1,630 | 252 | 155 | ఉగ్గుగిన్నె |
| 22 | 1,660 | 256 | 154 | రాత్రి 2 గం.కు 14 మి.లీ.; రొమ్ము అదనంగా 2 సార్లు |

మూత్రం, విరేచనాలు, వాంతులు, గొట్టం ద్వారా ఇచ్చిన పాలు ఉంటే వాటికి వేరే గడులు పెట్టుకోండి. తల్లిపాలలో పోషకాల పొడి కలుపుతుంటే ఎన్ని మి.లీ.లకు ఎంత పొడి అన్నది పట్టిక పైనే ఒకసారి రాయండి. తల చుట్టుకొలత వారానికి ఒకసారి చాలు.

పెరుగుదలను ఒక్క రోజు తేడాతో ఎప్పుడూ తేల్చవద్దు. 17వ రోజు ఉదయం 1,520, నేటి ఉదయం 1,690, అంటే ఆరు రోజుల్లో 170 గ్రాములు. రోజుకు సుమారు 28 గ్రాములు. ఈ మధ్యకాలపు సగటు బరువు 1.605 కిలోలతో దానిని భాగిస్తే కిలోకు రోజుకు దాదాపు 17.7 గ్రాములు. ఈ బరువులో మేం కోరుకునేది 15 నుంచి 20. ఇది 10 కన్నా తక్కువగా మూడు రోజులు కొనసాగితే, పాలు తగ్గకపోయినా బరువు ఎందుకు ఆగిందో మీ డాక్టర్ వెతకవలసి ఉంటుంది. చలికి ఒళ్లు చల్లబడటం, తాగడానికి ఎక్కువ శ్రమపడటం, ఇన్ఫెక్షన్ వంటివి కారణాలు కావచ్చు. మరోవైపు, ఒక్కసారిగా చాలా పెరిగితే సంతోషించకముందు త్రాసు, బట్టలు, చేతికి కట్టిన అట్టముక్క వంటివి చూడండి. అవేవీ కాకపోతే ఒంట్లో నీరు చేరిందేమో డాక్టర్‌ను అడగండి.

డిశ్చార్జ్ ప్లాన్‌లో ఈ పట్టిక చివరి వరుస కింద మూడు విషయాలు డాక్టర్ చేత రాయించుకోండి: ఇంట్లో ఒక్కొక్కసారి ఎన్ని మి.లీ., ఎన్ని గంటలకోసారి, ఏ పద్ధతిలో పట్టాలి. బరువు పెరిగేకొద్దీ ఆ పరిమాణాన్ని ఎప్పుడు పెంచాలి. మళ్లీ ఎప్పుడు, ఎక్కడ తూచాలి. తొలిసారి తూకం వారంలోపే ఉండేలా చూసుకోండి, వీలైతే అదే ఆసుపత్రి త్రాసు మీద. ఇంటికి వచ్చే ఆశా కార్యకర్త దగ్గరి వేలాడదీసే త్రాసు, రోజువారీ 20, 30 గ్రాముల తేడాను పట్టుకోలేదు. ఆ బరువును ఆసుపత్రి బరువుతో పోల్చకుండా, వేరే వరుసలో రాసి, తరువాతి ఆశా తూకంతోనే పోల్చండి. రెండు కిలోలు దాటాక కిలో లెక్క వదిలి రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతోందా అని చూస్తే సరిపోతుంది.

పాప పాలు తాగడం మానేసినా, మెలకువ తెప్పించలేనంత మగతగా ఉన్నా, ఆకుపచ్చ వాంతి చేసుకున్నా, పొట్ట ఉబ్బినా, శ్వాస మధ్యలో ఆగినా, కాళ్లూ పొట్టా చల్లబడినా, రోజుకు ఆరుసార్లకన్నా తక్కువ మూత్రం పోసినా పట్టికలో రాసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పట్టికను వెంట తీసుకెళితే, ఎప్పటి నుంచి తాగడం తగ్గిందో అక్కడి డాక్టర్ ఒక్క చూపులో తెలుసుకోగలుగుతారు.